94 దగ్గర ఆగిపోయే పోర్ట్

ప్లాన్ 100 నుంచి 300 ఎంబీపీఎస్‌కి మార్చుకున్నా స్పీడ్ టెస్ట్ పెట్టినప్పుడల్లా 94 దగ్గరే ఆగుతోందా? కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసేముందు ఆ అంకెను కాస్త పట్టించుకోండి. లైన్లో రద్దీ వల్ల వేగం తగ్గితే పొద్దున ఒకలా, రాత్రి ఒకలా ఉంటుంది. ఏ వేళ చూసినా 94 అటూఇటూగా ఉందంటే మాత్రం, దారిలో ఎక్కడో 100 ఎంబీపీఎస్ ఈథర్నెట్ లింకు కూర్చుందని అనుమానించాలి.

ఈథర్నెట్ 1973లో అమెరికాలోని జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో బాబ్ మెట్‌కాఫ్ ఆలోచనగా మొదలైంది. డేవిడ్ బాగ్స్‌తో కలిసి ఆయన దాన్ని పనిచేయించారు. అప్పట్లో కంప్యూటర్లన్నీ ఒకే కేబుల్‌ని పంచుకునేవి. 1990లో అది మెలిపెట్టిన జత తీగల మీదికి మారింది, 1995లో వేగం 100కి చేరింది. ఈ 100 లింకుకి రెండు జతలు చాలు: ఒకటి పంపడానికి, ఒకటి అందుకోవడానికి. కేబుల్లో నాలుగు జతలున్నా మిగతా రెండూ ఖాళీగానే ఉంటాయి.

మరి 100కి బదులు 94 ఎందుకు? డేటా 1500 బైట్ల ప్యాకెట్లుగా వెళుతుంది. ఒక్కో ప్యాకెట్‌కి ముందూవెనకా చిరునామా, తప్పుల తనిఖీ, ప్యాకెట్ల మధ్య విరామం కలిసి మరో 38 బైట్లు తీగ మీద చోటు తింటాయి. ఆ 1500లోనూ 40 నుంచి 52 బైట్లు హెడర్లకే పోతాయి. అంటే 1538 బైట్ల చోటులో మన డేటా 1450 చిల్లర. లెక్క వేస్తే 94కి, 95కి మధ్య తేలుతుంది.

1999లో గిగాబిట్ వచ్చినప్పుడు ఇంజినీర్లు చేసిన పని నాకు ఇప్పటికీ అబ్బురమే. తీగ మీద సంకేతాలు మారే జోరు పెంచలేదు, సెకనుకు 12.5 కోట్ల దగ్గరే ఉంచారు. నాలుగు జతల్నీ వాడుకుని, ఒక్కో జత మీద రెండు వైపులా ఒకేసారి 250 ఎంబీపీఎస్ నడిపించారు. తాను పంపిన సంకేతం ప్రతిధ్వనిని చిప్పే తీసేసి అవతలిదాన్ని వింటుంది. అయితే ఎనిమిది తీగల్లో ఏ ఒక్కటి తెగినా గిగాబిట్ నడవదు.

తెగినట్టు మనకు తెలియకపోవడమే అసలు చిక్కు. కేబుల్ గుచ్చగానే రెండు పోర్టులూ చిన్న చిన్న పల్సులతో ఎవరి సత్తా ఎంతో చెప్పుకుంటాయి. ఆ బేరం జరిగేది పాత రెండు జతల మీదే, అంటే నారింజ, ఆకుపచ్చ తీగల మీదే. గిగాబిట్‌కి ఒప్పందం కుదురుతుంది, నీలం జతో గోధుమరంగు జతో తెగి ఉంటే లింకు నిలబడదు. కొన్నిసార్లు ప్రయత్నించాక చాలా చిప్పులు వాటంతటవే 100కి దిగిపోతాయి. లైట్ వెలుగుతుంది, నెట్ నడుస్తుంది, ఎక్కడా ఎర్రర్ కనిపించదు.

విజయవాడలో మా పిన్ని వాళ్లింట్లో జరిగింది ఇదే. ఫైబర్ పెట్టె హాల్లో, రౌటర్ లోపలి గదిలో, మధ్యలో గోడ వెంబడి కేబుల్. లాప్‌టాప్‌ని రౌటర్‌కి గుచ్చితే విండోస్‌లో `Link speed (Receive/Transmit)` దగ్గర `1000/1000 (Mbps)` అని వచ్చింది, టెస్ట్ మాత్రం 94. రౌటర్ పేజీలో చూస్తే ఫైబర్ పెట్టె వైపున్న `WAN` పోర్ట్ 100 దగ్గర ఉంది. అదే లాప్‌టాప్‌ని హాల్లోకి తెచ్చి, కొత్త కేబుల్‌తో నేరుగా ఫైబర్ పెట్టెకి కలిపితే 280 దాటింది. గోడ కేబుల్ చివరి జాక్ విప్పితే గోధుమరంగు తీగ ఒకటి పిన్ను దాకా చేరనేలేదు. మళ్లీ క్రింపింగ్ చేయించాక రౌటర్ దగ్గరా అంతే వేగం వచ్చింది.

పోర్టే పాతదైతే కేబుల్ బాగున్నా లాభం లేదు. చవక రౌటర్ల డబ్బా మీద 300 ఎంబీపీఎస్ అని ఉంటుంది, అది వైఫైకి కాగితం మీది గరిష్ఠ వేగం. వెనక ఉన్న పోర్టులు చాలావాటికి 100వే. కొన్ని ఫైబర్ పెట్టెల్లో ఒక్క పోర్టే గిగాబిట్, పక్కవి 100. అలాంటప్పుడు కేబుల్ పక్క పోర్ట్‌లోకి మారిస్తే సరిపోతుంది.

అన్ని లింకులూ 1000 చూపిస్తూ, కేబుల్ మీద పెట్టిన టెస్ట్ ఇంకా పాత ప్లాన్ దగ్గరే ఉంటే కంపెనీ వైపు చూడాలి. యూజర్ నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే కనెక్షన్లలో, లాగిన్ వేళ కంపెనీ సర్వర్ ఆ లైనుకి వేగపు పరిమితి పంపుతుంది. ప్లాన్ మారినా పాత సెషన్ తెగకపోతే పాత పరిమితే కొనసాగవచ్చు. లాగిన్ అయ్యే పెట్టెని కొన్ని నిమిషాలు ఆపి మళ్లీ వేస్తే కొత్త పరిమితి రావాలి. అప్పటికీ రాకపోతే నా లైనుకి మీ సిస్టంలో ఏ స్పీడ్ ప్రొఫైల్ పెట్టారని అడగండి. ఒక్క టెస్టులోనైనా స్థిరంగా 100 దాటి, 105 లాంటి అంకె కనిపించిందంటే మీ తీగల్నీ పోర్టుల్నీ వదిలేసి నేరుగా ఈ ప్రశ్నే అడగొచ్చు. ఎందుకంటే 100 పోర్ట్ ఆ అంకెని చూపలేదు.