రాత్రి తొమ్మిదిన్నరకు కరెంటు పోతుందట

మా కింది పోర్షన్‌లో ఒక రిటైర్డ్ మాస్టారు, ఆయన భార్య ఉంటారు. పిల్లలు ఊళ్లో లేరు. ఒకరోజు సాయంత్రం ఏడు కావస్తుండగా ఆయన ఫోన్‌కు ఇంగ్లిష్‌లో ఒక మెసేజ్ వచ్చింది. పోయిన నెల బిల్లు అప్‌డేట్ కాలేదు కాబట్టి ఈ రాత్రి 9.30కి మీ కరెంటు కనెక్షన్ తీసేస్తున్నాం, వెంటనే మా విద్యుత్ అధికారికి ఈ నంబర్‌లో ఫోన్ చేయండి అని దాని సారాంశం. కింద పది అంకెల మొబైల్ నంబరు ఉంది.

బిల్లు ఆయన ఎప్పుడో కట్టేశారు. అది ఆయనకు గుర్తుంది కూడా. కానీ ఫ్రిజ్‌లో ఆవిడ ఇన్సులిన్ ఉంది, ట్యాంకులోకి నీళ్లు ఎక్కించాల్సి ఉంది, తొమ్మిదిన్నరకు ఇంకా రెండున్నర గంటలే ఉంది. ఆ వేళకు కరెంటాఫీసులో ఎవరుంటారు? ఫోన్ చేసి ఒక్క మాట అడిగితే పోతుందనుకున్నారు.

అవతలి గొంతు చాలా మర్యాదగా ఉంది. "మీరు కట్టారు సార్, డబ్బు మాకు అందింది. సిస్టమ్‌లో అప్‌డేట్ అవ్వలేదంతే. పది రూపాయలు కడితే ఇప్పుడే అయిపోతుంది" అన్నాడు. మొత్తం మోసానికి ఇరుసు ఈ మాటే. బిల్లు కట్టలేదని దబాయించి ఉంటే మాస్టారు రసీదు తీసి వాదించేవారు. కట్టారని ఒప్పుకునేసరికి వాదించడానికి ఏమీ మిగల్లేదు. పది రూపాయలు అనేసరికి భయపడడానికీ ఏమీ కనిపించలేదు.

తర్వాత స్క్రీన్ చూపించే యాప్ ఒకటి వేయించాడు. ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ క్విక్‌సపోర్ట్ లాంటివి. ఇవి దొంగ యాప్‌లు కావు. కంపెనీల్లో ఐటీ వాళ్లు దూరంనుంచి కంప్యూటర్ బాగుచేయడానికి వాడేవే, అందుకే ప్లేస్టోర్‌లో కూడా దొరుకుతాయి. యాప్ తెరవగానే ఒక నంబరు కనిపిస్తుంది. దాన్ని అవతలివాడికి చదివి చెప్పి, అనుమతి అడిగినప్పుడు సరే అని నొక్కితే చాలు, మన ఫోన్ తెర మీద కనిపించేదంతా వాడి తెర మీదా కనిపిస్తుంది. ఇలాంటి యాప్‌లతో ఖాతాలు ఖాళీ చేస్తున్నారని రిజర్వ్ బ్యాంకు 2019లోనే బ్యాంకులను హెచ్చరించింది.

పది రూపాయలు కట్టడానికి వాడే ఒక లింకు పంపాడు. కరెంటు కంపెనీ గుర్తుతో ఉన్న పేజీ తెరుచుకుంది. కార్డు నంబరు, గడువు తేదీ, వెనకున్న మూడంకెలు అన్నీ మాస్టారు అందులో నింపారు. ఆ వివరాలు వెళ్లింది దొంగ చేతికి. వాడు వాటిని వేరేచోట ఒక అసలు కొనుగోలులో పెట్టాడు. దానికి బ్యాంకునుంచి మాస్టారి ఫోన్‌కు ఓటీపీ వచ్చింది. తెర వాడికి కనబడుతోంది గనక అడగాల్సిన పని కూడా లేకపోయింది, చదివేసుకున్నాడు. "ఫెయిలయింది సార్, ఇంకోసారి కొట్టండి" అన్నాడు. అలా మూడుసార్లు అయింది. 24,999, 25,000, 18,500 రూపాయలు. మొత్తం 68,499.

తర్వాత ఆయన ఫోన్‌లో ఆ మెసేజ్‌లు నేను చూశాను. మూడు ఓటీపీ మెసేజ్‌ల్లోనూ మొత్తం స్పష్టంగా రాసి ఉంది. ఇరవై నాలుగు వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది అని బ్యాంకు చెబుతూనే ఉంది. కానీ చెవిలో ఒకడు ఆగకుండా మాట్లాడుతుంటే, వేళ్లు వాడు చెప్పినచోట నొక్కుతుంటే, ఆ వాక్యం చదివే తీరిక మనిషికి దొరకదు. వాడు ఫోన్ పెట్టనివ్వకుండా మాట్లాడేది అందుకే. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషి ఆ అంకెలు చూడలేదంటే అది ఆయన తెలివితక్కువతనం కాదు. ఈ మాట ఆయనకు చాలాసార్లు చెప్పాల్సి వచ్చింది.

ఇప్పుడు ఆ మెసేజ్ దగ్గరికి మళ్లీ వద్దాం. అందులో ఏముందో కన్నా ఏం లేదో చూస్తే విషయం బయటపడుతుంది. అందులో సర్వీస్ నంబరు లేదు. బాకీ ఎంతో లేదు. మన కరెంటు కంపెనీకి మనం పేరుతో కన్నా ఆ నంబరుతోనే ఎక్కువ తెలుసు. తెలంగాణ బిల్లు మీద యూఎస్‌సీ నంబరు, ఆంధ్ర బిల్లు మీద సర్వీస్ నంబరు ఉంటుంది. నిజంగా మన ఇంటి కరెంటు తీయాలనుకున్నవాడికి ఏ మీటరో తెలియకుండా ఉండదు కదా! దొంగకు మాత్రం అది తెలియదు. ఒకే మెసేజ్‌ను వేలమందికి కొడతాడు గనక, అందరికీ సరిపోయేలా ప్రియమైన వినియోగదారుడా అని మొదలుపెడతాడు.

రెండోది, చట్టం. విద్యుత్ చట్టం 2003లో 56వ సెక్షన్ ఉంది. బాకీ ఉన్నవాళ్ల కరెంటు తీసే అధికారం కంపెనీకి ఇచ్చింది ఆ సెక్షనే. ఆ అధికారానికి కట్టడి పెట్టిందీ అదే. పదిహేను పూర్తి రోజులకు తక్కువ కాకుండా గడువిచ్చి, రాతపూర్వకంగా నోటీసు ఇచ్చాకే కరెంటు తీయాలి. సాయంత్రం ఏడింటికి చెప్పి రాత్రి తొమ్మిదిన్నరకు తీసేయడం చట్టంలో లేదు. వాడుకలోనూ లేదు. మన దగ్గర బాకీ ఉన్న ఇంటికి లైన్‌మన్ పగటిపూట వస్తాడు, తలుపు కొడతాడు, కడతారా ఫ్యూజు పీకమంటారా అని అడుగుతాడు. పీకినా మరుసటి రోజు బాకీ కట్టి, మళ్లీ కలపడానికి అయ్యే రుసుము చెల్లిస్తే కరెంటు వస్తుంది. అంటే జరగగలిగిన నష్టంలో అతి పెద్దది కూడా దొంగ బెదిరించినంత పెద్దది కాదు.

మెసేజ్ ఎక్కణ్నుంచి వచ్చిందన్నదీ ఒక ఆనవాలే. కంపెనీలు, బ్యాంకులు పంపే ఎస్సెమ్మెస్ పది అంకెల నంబరు నుంచి రాదు, రిజిస్టరైన అక్షరాల పేరుతో వస్తుంది. 2025 నుంచి ఆ పేరు చివర ఒక గీత, దాని పక్కన -S, -T, -P, -G లలో ఒక అక్షరం కూడా ఉంటోంది. G అంటే ప్రభుత్వం, P అంటే ప్రకటన. అయితే ఈ గుర్తు ఎస్సెమ్మెస్‌కే పనికొస్తుంది. వాట్సాప్‌లో కరెంటు కంపెనీ గుర్తును ప్రొఫైల్ ఫోటోగా ఎవరైనా పెట్టుకోవచ్చు. దాన్ని నమ్మడానికి లేదు.

ఈ మోసం వాట్సాప్‌లోకి వచ్చాక ఇంకో రూపం తీసుకుంది. స్క్రీన్ యాప్ బదులు ఒక ఫైల్ పంపుతారు. పేరు చివర .apk అని ఉంటుంది, ముందు మాత్రం బిల్ అప్‌డేట్ అనో గ్యాస్ బిల్ అనో ఉంటుంది. నొక్కితే యాప్ ఎక్కుతుంది, మెసేజ్‌లు చదవడానికి అనుమతి అడుగుతుంది. ఇస్తే మన ఓటీపీలు మనకు తెలియకుండానే వాడికి చేరిపోతాయి. ఫోన్ పెట్టేసినా ఆగదు. అందుకే మొదటి పద్ధతికన్నా ఇది ప్రమాదకరం. పైపు గ్యాస్ ఉన్న నగరాల్లో ఇదే కథ గ్యాస్ పేరుతో నడుస్తోంది. సిలిండర్ వాడేవాళ్లకు ఈకేవైసీ చేయించకపోతే కనెక్షన్ పోతుందని వస్తుంది. ఈకేవైసీ అనేది నిజంగానే ఉంది, మెసేజ్ నమ్మబుద్ధేసేది అందుకే. కానీ అది గ్యాస్ ఏజెన్సీలో ఉచితంగా చేస్తారు, దానికి ఎవరికీ రూపాయి పంపక్కర్లేదు.

మాస్టారు 1930కి ఫోన్ చేసింది మర్నాడు పదిన్నరకు. రాత్రంతా ఎవరికీ చెప్పలేదు, సిగ్గుపడ్డారు. నాకు బాధ కలిగించేది ఇదే. పోయిన డబ్బు నేరుగా దొంగ ఖాతాకు వెళ్లదు. కమీషన్‌కు అద్దెకిచ్చిన ఎవరిదో ఖాతాలో పడుతుంది, అక్కణ్నుంచి ముక్కలై నాలుగైదు ఖాతాలకు పారుతుంది, చివరికి ఏటీఎంలో నోట్లవుతుంది. నోటు కాకముందు పట్టుకుంటే ఆ సొమ్మును అక్కడే ఆపేయవచ్చు. 1930 పని అదే. ఫోన్ చేసినప్పుడు వాళ్లు అడిగేది ఏ బ్యాంకు, ఎంత, ఎన్ని గంటలకు, లావాదేవీ నంబరు ఏమిటని. డబ్బు పోయినట్టు వచ్చిన మెసేజ్‌లో అవి ఉంటాయి. మాస్టారివి మొదటి రెండు మొత్తాలు అప్పటికే చేయి దాటిపోయాయి. మూడోది, 18,500, ఒక ఖాతాలో ఆగి దొరికింది. అలా ఆగిన సొమ్ము తిరిగి వచ్చే దారి ఉంది, తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా కూడా ఇప్పిస్తున్నారు.

బ్యాంకుకు వెంటనే చెప్పడానికీ ఒక కారణం ఉంది. రిజర్వ్ బ్యాంకు 2017 నిబంధన ప్రకారం, మనమే వివరాలు ఇచ్చేసిన మోసంలో బ్యాంకుకు ఫిర్యాదు చేసేదాకా పోయింది మనదే. ఫిర్యాదు చేశాక పోయేది బ్యాంకుది. అంటే కార్డు బ్లాక్ చేయమని చెప్పిన నిమిషం నుంచి లెక్క మారుతుంది. ముందు ఆ ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాలి, దొంగకు తెర కనబడడం ఆగిపోతుంది. తర్వాత ఇంట్లో వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు, 1930కి చేయాలి. cybercrime.gov.in లో రాతపూర్వక ఫిర్యాదు ఆ తర్వాత. ఏపీకే ఎక్కించుకున్నవాళ్లు ఫోన్‌ను పూర్తిగా రీసెట్ చేయించేదాకా దాంట్లో బ్యాంకు యాప్ తెరవకూడదు.

డబ్బు పోకపోయినా మెసేజ్‌ను చెరిపేసి ఊరుకోవద్దనిపించే సంగతి ఒకటి చెబుతాను. 2024 జూన్‌లో కేంద్ర టెలికాం శాఖ ఈ కరెంటు మోసాల మీద చర్య తీసుకుంది. సంచార్ సాథీ వెబ్‌సైట్‌లోని చక్షు విభాగంలో జనం ఫిర్యాదు చేసిన నంబర్లు మొదట ఐదే. ఆ ఐదింటి తీగ లాగితే 392 ఫోన్లు దొరికాయి. ఆ ఫోన్లలో మార్చిమార్చి వాడిన సిమ్ నంబర్లు 31,740. ఆ ఫోన్లను దేశమంతా పనిచేయకుండా ఆపమని, ఆ నంబర్లను మళ్లీ తనిఖీ చేయమని శాఖ ఆదేశించింది. ఐదుగురో ఆరుగురో రెండు నిమిషాలు వెచ్చించి ఫిర్యాదు చేసినందుకు వచ్చిన ఫలితం ఇది.

మాస్టారి ఇంట్లో ఇప్పుడు మీటరు బోర్డు పక్కన ఒక అట్టముక్క అంటించి ఉంది. బిల్లు మీద ఉన్న సర్వీస్ నంబరు, కరెంటు కంపెనీ టోల్‌ఫ్రీ 1912, మోసం జరిగితే 1930. నల్ల స్కెచ్ పెన్‌తో, పెద్ద అక్షరాలతో ఆవిడే రాశారు. మీ ఇంట్లోనూ, ఊళ్లో ఉన్న అమ్మానాన్నల ఇంట్లోనూ అలాంటి అట్టముక్క ఒకటి ఈ వారమే అంటించండి.