చేను జమాఖర్చు

కడప సీమలోని రాయచోటి చుట్టుపక్కల ఎర్రనేలల్లో వానను నమ్ముకుని వేరుశనగ వేస్తారు. పప్పుజాతి పైరు వేస్తే నేలకు బలమని పెద్దలు అంటారు. ఆ బలం ఎక్కడిది? అది చేలోనే ఉంటుందా? లెక్క వేసి చూద్దాం.

గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజనే. అది లేనిదే మొక్క పెరగదు. కాని గాలిలో ఉన్న నత్రజనిని మొక్క నేరుగా తీసుకోలేదు. వేరుశనగ మొక్కను పీకి చూడండి. వేళ్ళకు ఆవగింజలంత బుడిపెలు కనిపిస్తాయి. వాటిలో రైజోబియం అనే సూక్ష్మజీవులు కాపురం ఉంటాయి. మొక్క వాటికి చక్కెర పెడుతుంది. అవి గాలిలోని నత్రజనిని మొక్కకు పనికివచ్చేలా మార్చి ఇస్తాయి. హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ అనే జర్మను శాస్త్రజ్ఞులు 1886లో ఈ సంగతి బయటపెట్టారు.

బుడిపెను గోటితో చీల్చండి. లోపల ఎర్రగా ఉంటే పని జరుగుతున్నట్టు. తెల్లగా ఉంటే ఇంకా మొదలుకాలేదు. ఆకుపచ్చగానో గోధుమరంగుగానో ఉంటే పని ముగిసింది. వాన మొగం చాటేస్తే బుడిపెల పని మందగిస్తుంది. యూరియా ఎక్కువగా చల్లినా అంతే. అడక్కుండానే నత్రజని దొరికితే మొక్క బుడిపెలను పోషించదు.

ఇక లెక్క. ఒక ఎకరంలో 400 కిలోల కాయ, 600 కిలోల ఎండుకట్టె వచ్చాయనుకుందాం. కాయలో సుమారు 13 కిలోల నత్రజని ఉంటుంది, కట్టెలో 9 కిలోలు. మొత్తం 22. ఇందులో నూటికి 60 పాళ్ళు గాలినుంచి వచ్చిందనుకుంటే అది 13 కిలోలు. మిగతా 9 కిలోలు నేల ఇచ్చినవే.

రైతు కాయ అమ్మి, కట్టెను చేలోనే వదిలితే 13 కిలోలు వచ్చాయి, 13 పోయాయి. జమకూ ఖర్చుకూ సరిపోయింది! కాని వేరుశనగను వేళ్ళతో సహా పెరికి, కట్టెను పశువులకు వామి వేస్తారు. అప్పుడు చేను 9 కిలోలు నష్టపోతుంది. అదే చేలో జొన్న వేస్తే, దానికి కావలసిన నత్రజని దాదాపు అంతా నేలే ఇచ్చుకోవాలి. అంటే వేరుశనగ నేలకు ఇచ్చేదానికన్నా, నేలనుంచి తక్కువ తీసుకోవడమే దాని గొప్ప.

మరి ఆ 9 కిలోలు ఎలా తిరిగివస్తాయి? కట్టె తిన్న పశువుల పేడ, మూత్రం చేనుకు చేరితే చాలావరకు వస్తాయి. పేడకుప్పను ఎండలో వదిలేస్తే ఘాటువాసన వేస్తుంది. అది నత్రజని గాలిలోకి పోతున్న వాసన. అందుకే గుంతలో వేసి, పైన మన్ను కప్పాలి.

వేరుశనగ సాళ్ళ మధ్య అక్కడక్కడ కంది వేస్తారు, చూశారా? వేరుశనగ పీకేశాక కూడా కంది నెలల తరబడి నిలిచి, ఆకు రాలుస్తుంది. ఆ ఆకును ఎవరూ ఇంటికి మోసుకుపోరు. అది చేను ఖాతాలోనే జమ!