గడువులోగా కట్టినా వడ్డీ: బ్యాంకు మేనేజరుకు రైతు రాసే ఉత్తరం

పంట రుణం గడువులోగా తీర్చిన రైతుకు కేంద్ర ప్రభుత్వ పథకం ప్రకారం చివరికి పడాల్సిన వడ్డీ ఏడాదికి నూటికి 4 రూపాయలు. బ్యాంకు లెక్కగట్టేది మాత్రం మొదట 7 రూపాయలు. సకాలంలో కట్టినందుకు ఇచ్చే ప్రోత్సాహకంగా మిగతా 3 రూపాయలు తర్వాత రైతు ఖాతాలో జమ కావాలి. ఆ జమ రాకపోతే చిన్న రైతు నుంచి బ్రాంచి మేనేజరుకు ఒక ఉత్తరం వెళ్తుంది. ‘నేను టైముకే కట్టాను, వడ్డీ ఎందుకు తీసుకున్నారు’ అని మాత్రమే రాస్తే దానికి జవాబు దొరకడం కష్టం. 7 శాతం వసూలు చేయడం తప్పు కాదు, 3 శాతం తిరిగి వేయకపోవడమే తప్పు. ఉత్తరంలో ఆ తేడా కనబడాలి.

ఈ వడ్డీ రాయితీ 2006-07లో మొదలైంది. మూడు లక్షల రూపాయల వరకు స్వల్పకాలిక పంట రుణాలను బ్యాంకులు 7 శాతానికి ఇస్తాయి, అందుకు కొంత వడ్డీని కేంద్రం బ్యాంకులకు భర్తీ చేస్తుంది. గడువు దాటకుండా కట్టేవారికి అదనపు ప్రోత్సాహకం 2009-10లో 1 శాతంతో మొదలై, మరుసటి ఏడు 2 శాతమై, 2011-12 నుంచి 3 శాతంగా ఉంది. రెండు రాయితీలూ కిసాన్ క్రెడిట్ కార్డు ఖాతా ద్వారా, ఆధార్ అనుసంధానంతోనే అందుతాయి.

తప్పు ఎక్కడ జరిగిందో వడ్డీ మొత్తమే చాలావరకు చెప్పేస్తుంది. రెండు ఎకరాల వరి రైతు ఒకరు 2024 జులై 3న 73,000 రూపాయలు తీసుకున్నారనుకుందాం. ఈ అసలుకు 7 శాతం చొప్పున రోజుకు వడ్డీ సరిగ్గా 14 రూపాయలు. 4 శాతమైతే 8 రూపాయలు. రాయితీ అసలే లేకుండా బ్యాంకు మామూలు రేటు, మాటవరసకు 9 శాతం, వేసి ఉంటే 18 రూపాయలు. రైతు 2025 జూన్ 20న మొత్తం కట్టేశారు. అంటే 352 రోజులు. 7 శాతం చొప్పున వడ్డీ 4,928 రూపాయలు, అసలుతో కలిపి కట్టినది 77,928. ప్రోత్సాహకం రోజుకు 6 రూపాయలు కాబట్టి తిరిగి రావాల్సింది 2,112. అది జమ అయ్యాక రైతు మోసే అసలైన వడ్డీ 2,816.

పాస్‌బుక్‌లో వడ్డీ పద్దు 4,928 దగ్గర ఉండి, 2,112 జమ ఎక్కడా లేకపోతే కేంద్ర రాయితీ వర్తించింది, ప్రోత్సాహకం మాత్రం ఆగిపోయింది. అదే వడ్డీ 6,336 అని ఉంటే రోగం వేరు, ఖాతాకు రాయితీయే వర్తించలేదు. ఆధార్ ఖాతాకు ఎక్కకపోయినా, బంగారం మీద ఇచ్చిన రుణాన్ని కిసాన్ కార్డు కింద కాకుండా విడిగా రాసినా, ఒకే రైతుకు రెండు బ్యాంకుల్లో కలిపి మూడు లక్షలు దాటినా ఇలా జరుగుతుంది. రెండు సందర్భాల్లో అడగాల్సిన ప్రశ్నలు వేరు. కనుక ఉత్తరం రాసే ముందు రోజులు లెక్కపెట్టుకోవాలి. అసలును రోజులతోనూ వడ్డీ శాతంతోనూ గుణించి 36,500తో భాగిస్తే వడ్డీ వస్తుంది. ఖాతా నుంచి రెండు మూడు విడతలుగా సొమ్ము తీసుకున్నవారు ఏ విడతకు ఆ విడత ఇలాగే లెక్కగట్టి కూడాలి.

పాస్‌బుక్‌లో కోసుకున్న ప్రతి రూపాయీ వడ్డీ కాదన్నది కూడా ఇక్కడే చూసుకోవాలి. ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన కింద ఖరీఫ్ ఆహార పంటకు రైతు వాటా ప్రీమియం బీమా మొత్తంలో గరిష్ఠంగా 2 శాతం, రబీకి 1.5 శాతం, వాణిజ్య, ఉద్యాన పంటలకు 5 శాతం. ఆ పథకం అమలయ్యే చోట రైతు వద్దనకపోతే దాన్ని రుణ ఖాతాలోంచే కోస్తారు. వెయ్యి పైచిలుకు బీమా కోతను వడ్డీ అనుకుని పోట్లాడితే మిగతా లెక్క ఎంత సరైనదైనా మేనేజరు దాన్ని పట్టించుకోడు.

ఇక గడువు సంగతి. రైతుల్లో చాలామంది గడువంటే ఏడాది అనుకుంటారు. పథకం చెప్పేది అది కాదు. బ్యాంకు పంటను బట్టి పెట్టిన చెల్లింపు తేదీ గానీ, అప్పు తీసుకున్న రోజు నుంచి ఏడాది గానీ, ఏది ముందొస్తే అదే గడువు. పై ఉదాహరణలో బ్యాంకు 2025 జులై 2ను గడువుగా పెట్టి ఉంటే జూన్ 20 చెల్లింపు సకాలమే. ఖరీఫ్ పంట కదా అని మార్చి 31గా పెట్టి ఉంటే అదే చెల్లింపు ఆలస్యం కింద లెక్క. అప్పు పత్రాల మీద సంతకం పెట్టిన రోజునే ఈ తేదీని అడిగి రాసుకోవడం మంచిది. చాలామందికి అది రెన్యువల్ నాడుగానీ తెలియదు, బ్యాంకులు కూడా దాన్ని ప్రత్యేకంగా చెప్పే శ్రద్ధ పెద్దగా చూపవు.

గడువు పాటించినా ప్రోత్సాహకం పోయే దారులు రెండున్నాయి. ఒకటి చిల్లర బాకీ. కౌంటర్లో ‘డెబ్భై ఏడున్నర కట్టు, సరిపోతుంది’ అంటే రైతు 77,500 కట్టి వెళ్లిపోతాడు. ఖాతాలో 428 రూపాయలు మిగులుతాయి. గడువు నాటికి బాకీ సున్నా కాలేదు గనుక కంప్యూటరు దాన్ని పూర్తి చెల్లింపుగా చూడకపోవచ్చు. నాలుగు వందల బాకీకి రెండు వేలు పోతాయి. కట్టిన రోజునే నిల్వ ఎంతో స్లిప్పు మీద రాయించుకుంటే ఈ నష్టం ఉండదు. రెండోది తిరగరాయడం. రైతు దగ్గర అసలు మొత్తం చేతిలో లేనప్పుడు బ్రాంచి వడ్డీ మాత్రం కట్టించుకుని పాత అప్పును కొత్త అప్పుగా రాస్తుంది. స్టేట్‌మెంటులో పాత అసలు 73,000 జమ పడినట్లు ఒక పద్దు, ఆ తర్వాత కొత్త రుణం ఇచ్చినట్లు మరో పద్దు ఉంటే చెల్లింపు జరిగినట్లు చూపొచ్చు. జమ పద్దే లేకుండా గడువు తేదీ మాత్రం ముందుకు జరిగి ఉంటే సకాలంలో కట్టానన్న వాదన నిలవడం కష్టం. అప్పుడు ఉత్తరంలో ఆ విషయాన్ని దాచిపెట్టి లాభం లేదు.

ఇవేవీ లేకుండా, గడువు తేదీ జులై 2గా ఉండి, జూన్ 20న బాకీ సున్నా చేసిన రైతు రాయాల్సిన ఉత్తరం ఇంత ఉంటే చాలు:

‘శాఖా మేనేజరు గారికి, నమస్కారం. మీ శాఖలో నాకు కిసాన్ క్రెడిట్ కార్డు ఖాతా ఉంది (ఖాతా నంబరు పైన రాశాను). 03-07-2024న 73,000 రూపాయల పంట రుణం తీసుకున్నాను. గడువు 02-07-2025. గడువుకు ముందే 20-06-2025న అసలు, 352 రోజుల వడ్డీ 4,928 కలిపి 77,928 రూపాయలు కట్టాను. ఆ రోజు ఖాతాలో బాకీ సున్నా. సకాలంలో కట్టినవారికి ఇచ్చే 3 శాతం ప్రోత్సాహకం నా లెక్క ప్రకారం 2,112 రూపాయలు నేటి వరకు జమ కాలేదు. దయచేసి ఆ మొత్తాన్ని నా పొదుపు ఖాతాలో వేయించగలరు. నాకు అర్హత లేదనుకుంటే ఏ కారణం చేత లేదో, నా పేరున క్లెయిం పంపారో లేదో లిఖితపూర్వకంగా తెలుపగలరు. చెల్లింపు రసీదు, పాస్‌బుక్ పేజీల నకళ్లు జతచేశాను.’

ఇందులో బరువంతా చివరి విన్నపంలో ఉంది. ‘పై నుంచి రాలేదు’ అన్న నోటిమాట కౌంటర్లో తేలిగ్గా దొరుకుతుంది, కాగితం మీద మాత్రం ఎవరూ రాయరు. 2023 సెప్టెంబరులో కిసాన్ రుణ్ పోర్టల్ వచ్చాక ఈ రాయితీల క్లెయింలు రైతువారీగా, ఆధార్ వివరాలతో ఆ పోర్టల్ ద్వారా వెళ్తున్నాయి. తన పేరు ఆ జాబితాలో వెళ్లిందా, వెనక్కి వచ్చిందా అని రైతు సూటిగా అడగవచ్చు. పేరులో అక్షరం తేడా వల్లో, ఆధార్ సరిపోలకో క్లెయిం ఆగి ఉంటే ఫీల్డ్ ఆఫీసరు సరిచేసి మళ్లీ పంపగలడు. ప్రోత్సాహకం క్లెయింలను ఆడిటర్ల ధ్రువీకరణతో ఏడాది లెక్కగా పంపుతారు. ఆ లెక్క ముగిశాక పాత పేరు చేర్చడం కష్టం కాబట్టి, డబ్బు కట్టిన రెండు మూడు నెలల్లోపే ఉత్తరం వెళ్లాలి. ఇచ్చేటప్పుడు రెండో ప్రతి మీద బ్రాంచి ముద్ర, తేదీ వేయించుకోవాలి. ముద్ర వేయమంటే ఈమెయిల్ గానీ, రిజిస్టర్డ్ పోస్టు గానీ ఉంది.

రాష్ట్ర ప్రభుత్వాల వడ్డీ రాయితీని ఈ ఉత్తరంలో కలపకూడదు. ఉమ్మడి రాష్ట్రం నుంచి నడిచిన వడ్డీ లేని రుణాల పథకంలో లక్ష రూపాయల లోపు రుణానికి, కేంద్రం రాయితీ పోగా మిగిలిన 4 శాతాన్ని రాష్ట్రం భరించాలి. తెలంగాణలో లక్ష నుంచి మూడు లక్షల వరకు పావలా వడ్డీ కూడా ఉండేది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 తర్వాత సున్నా వడ్డీ పేరుతో, ఈ-క్రాప్‌లో నమోదైన రైతులకు ఆ సొమ్మును నేరుగా ఖాతాల్లో వేశారు. పై లెక్కలో ఈ వాటా 2,816 రూపాయలు. ఇది రాష్ట్ర ఖజానా నుంచి రావాలి. బకాయిలు ఏళ్ల తరబడి పేరుకుపోయిన సందర్భాలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. ప్రభుత్వం విడుదల చేయని సొమ్మును మేనేజరు ఇవ్వలేడు. రెండూ కలిపి 4,928 అడిగితే, ఇవ్వలేనిది చూపించి ఇవ్వాల్సినదాన్ని కూడా పక్కన పెట్టే వీలు బ్రాంచికి దొరుకుతుంది. రాష్ట్ర వాటా కోసం మండల వ్యవసాయాధికారికి విడిగా అర్జీ పెట్టుకోవడమే మేలు.

వడ్డీ మీద వడ్డీ వేసినట్లు కనిపిస్తే మరో పేరా చేర్చవచ్చు. పంట రుణాలకు మామూలు అప్పుల్లాగా నెలనెలా వడ్డీని అసలులో కలపకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. గడువు మీరకముందు చక్రవడ్డీ ఉండకూడదు. చిన్న, సన్నకారు రైతుల స్వల్పకాలిక రుణంలో వేసిన మొత్తం వడ్డీ అసలును మించరాదన్నది మరో నిబంధన, అది ఎక్కువగా పాత మొండి బాకీల్లో పనికొస్తుంది.

ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. cms.rbi.org.in లో దాఖలు చేయవచ్చు, వివరాలకు 14448కు ఫోన్ చేయవచ్చు. ముద్ర పడిన ఉత్తరం ప్రతి ఇక్కడ ప్రధాన ఆధారం. ముందుగా బ్యాంకుకు రాయకుండా వెళ్లిన ఫిర్యాదును అక్కడ తీసుకోరు. వాణిజ్య బ్యాంకులు, గ్రామీణ బ్యాంకులు ఈ పరిధిలో ఉన్నాయి. ఊళ్లోని ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘం లేదు. సంఘంలో అప్పు తీసుకున్న రైతు ఇదే లెక్కను, ఇదే నకళ్లతో జిల్లా సహకార అధికారికి పంపాలి.