చెన్నైలో రెండు బండ్ల నడుమ

విజయవాడ నుంచి మధుర వెళ్లేవారు చెన్నై సెంట్రల్‌లో దిగి, చాలాసార్లు ఎగ్మోర్‌లో మరో బండి ఎక్కవలసి వస్తుంది. మొదటిసారి వెళ్లినప్పుడు మేము ఆ ఖాళీ సమయంలో సాయంత్రం మెరీనాకు పోయాం. తిరుగు దారిలో ఆటో వాహనాల మధ్య ఇరుక్కుపోయింది. పెట్టెలేమో సెంట్రల్‌లో ఉన్నాయి. అవి తీసుకుని, పిల్లలను లాక్కుంటూ ఎగ్మోర్ చేరేసరికి బండి కదలడానికి సిద్ధంగా ఉంది.

అందుకే గత వేసవిలో లెక్క వెనుక నుంచి మొదలుపెట్టాం. బండి రాత్రి 7.30కి. ప్లాట్‌ఫారం మీద 6.45కల్లా ఉండాలి. సామాను తీసుకోవడానికి 6 గంటలకు స్టేషను చేరాలి. అంటే చివరి చోటు నుంచి 5.30కి బయలుదేరాలి. ఈ 5.30ని ఏం జరిగినా మార్చకూడదని ఇంట్లోనే అనుకున్నాం.

ఉదయం 11.30కి దిగవలసిన వాళ్లం గంట ఆలస్యంగా దిగాం. సామానుతో సహా మెట్రో ఎక్కితే తరువాతి స్టేషనే ఎగ్మోర్. పెట్టెలు అక్కడి క్లోక్‌రూమ్‌లో పెట్టాం. ఎక్కబోయే స్టేషనులో పెట్టుకుంటే మళ్లీ సెంట్రల్‌కు పరుగెత్తే పని ఉండదు. తాళం లేని పెట్టెలు తీసుకోరు. రసీదు టిక్కెట్టుతోనే భద్రపరచాలి.

స్టేషను ఎదుటి వీధిలో అరిటాకు భోజనం చేశాం. దారికని ఇడ్లీలు కట్టించుకున్నాం.

ఎండ వేళ నీడన గడపడం మేలని, సుమారు కిలోమీటరు దూరంలో పాంథియన్ రోడ్డు మీదున్న ప్రభుత్వ మ్యూజియంకు వెళ్లాం. 1851లో స్థాపించిన ఈ మ్యూజియంలో మన గుంటూరు సీమ అమరావతి స్తూపం నుంచి తెచ్చిన సున్నపురాయి శిల్పాలున్నాయి. పెద్దవాళ్లం వాటి దగ్గర నిలబడిపోయాం. పిల్లలు మాత్రం తిమింగలం అస్థిపంజరాన్ని వదిలి రాలేదు. శుక్రవారం ఈ మ్యూజియంకు సెలవు. ఆ రోజు ప్రయాణమైతే వేరే చోటు చూసుకోవాలి.

బండి ఆలస్యమైన గంటను మ్యూజియంలోనే తగ్గించుకున్నాం. రెండు గంటలు అనుకున్నది ఒక గంటే చూశాం. ఒక గది చూడకపోతే మరోసారి చూడవచ్చు, తిరుగు సమయం మాత్రం కోయకూడదు.

4.30కి ఎగ్మోర్ దగ్గరి సెయింట్ ఆండ్రూస్ దేవాలయానికి వచ్చాం. స్కాట్లాండు సంఘస్థుల కోసం కట్టి 1821లో ప్రతిష్ఠించిన ఈ మందిరం గుండ్రంగా, పెద్ద గుమ్మటంతో ఉంటుంది. నేల మెత్తన కావడంతో బావులు తవ్వి, వాటి మీద పునాది నిలిపారు. గుమ్మటం లోపల నీలాకాశంలో నక్షత్రాలు చిత్రించారు. పిల్లలు తలలెత్తి చూస్తూ కాసేపు మాట్లాడలేదు.

5.30కి లేచాం. "సముద్రం చూడలేదే!" అన్నాడు చిన్నవాడు. ఈసారి చూడమని చెప్పాం. ఆరింటికి పెట్టెలు చేతికొచ్చాయి, ఇడ్లీలు ప్లాట్‌ఫారం మీద కూర్చుని నెమ్మదిగా తిన్నాం.

ఒక్క జాగ్రత్త: దక్షిణాది బండ్లు కొన్ని తాంబరం నుంచి కూడా బయలుదేరతాయి. టిక్కెట్టు మీద ఏ స్టేషను ఉందో చూసుకున్నాకే ఈ లెక్క వేయండి.