మెమోలో ఉన్నది 66నా, 86నా?

పీజీలో చేరబోయే ఒక విద్యార్థి, తన డిగ్రీ మార్కుల మెమో నకలు కావాలని విశ్వవిద్యాలయం రికార్డుల విభాగాన్ని అడిగాడనుకుందాం. వచ్చిన కాపీలో అంకెలు వెలిసిపోయి ఉన్నాయి. ఇలాంటప్పుడు చాలామంది ‘మెమో సరిగా కనబడటం లేదు, మంచి కాపీ ఇప్పించగలరు’ అని ఒక ముక్క రాసి ఊరుకుంటారు. ఏది కనబడలేదో తెలియని గుమాస్తా అదే కాగితాన్ని మరోసారి జిరాక్సు తీసి పంపుతారు. మసక కాపీకి తీసిన నకలు ఇంకా మసకగానే వస్తుంది.

అందుకే ఉత్తరంలో అసలు విషయం ఉండాలి. ఇలా:

‘సూపరింటెండెంట్ గారికి నమస్కారాలు. నా హాల్ టికెట్ నంబరు, పరీక్ష రాసిన నెల, సంవత్సరం పైన ఇచ్చాను. మీరు పంపిన కాపీలో నాలుగో పేపరు మార్కులు 66నో 86నో తెలియడం లేదు. అక్షరాల్లో రాసిన చోట కూడా ముద్ర పడలేదు. దయచేసి టాబ్యులేషన్ రిజిస్టరుతో సరిచూసి, ధ్రువీకరించిన కొత్త ప్రతి ఇప్పించగలరు. మసక కాపీ, గుర్తింపు కార్డు నకలు, ఫీజు రసీదు జతచేశాను. అడ్మిషన్‌కు సర్టిఫికెట్లు ఇవ్వాల్సిన చివరి తేదీ కింద రాశాను.’

ఇందులో కీలకం టాబ్యులేషన్ రిజిస్టరు. అభ్యర్థుల మార్కులన్నీ పేపర్లవారీగా నమోదయ్యేది అందులోనే. మెమో మీద సిరా ఎంత వెలిసినా, ఆ రిజిస్టరులోని అంకె పోదు.

కార్యాలయం దగ్గర ఉన్నది పాత మెమో ఆఫీసు కాపీ మాత్రమే అయితే, దాన్ని మళ్లీ స్కాన్ చేయమని అడగవచ్చు. అప్పుడు నలుపు-తెలుపు అమరికలో కాకుండా గ్రేస్కేల్‌లో, 300 డీపీఐలో తీయమని రాయాలి. నలుపు-తెలుపు అమరికలో స్కానర్ ప్రతి చుక్కనూ నలుపో తెలుపో అని తేల్చేస్తుంది. అరిగిన రిబ్బన్‌తో డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ కొట్టిన లేత గీతలు తెలుపులో కలిసిపోతాయి. 8లో ఒక గీత పోతే 6 అవుతుంది, 3 కూడా అవుతుంది. గ్రేస్కేల్‌లో ఆ లేత బూడిదరంగు మిగులుతుంది. అయితే కాగితం మీద సిరా పూర్తిగా పోయి ఉంటే ఏ స్కానరూ తిరిగి తేలేదు.

ఉత్తరం రాసే ముందు మొత్తంతో సరిచూసుకోవడం మంచిది. ఆరు పేపర్ల మొత్తం 438 అని స్పష్టంగా ఉండి, చదవగలిగిన అయిదు పేపర్లు 71, 68, 79, 74, 80 అయితే, వాటి మొత్తం 372. కాబట్టి మిగిలింది 66. ఈ లెక్క ఉత్తరంలో రాస్తే గుమాస్తా పని సులువవుతుంది. కానీ మెమో మీద మాత్రం పెన్నుతో ఆ అంకెను దిద్దకండి. దిద్దిన మెమోను ఏ కాలేజీ అయినా అనుమానంగా చూస్తుంది.