వాడికి నిజంగానే తెలియదు

షాద్‌నగర్‌లో మూడో తరగతి చదివే ఎనిమిదేళ్ల పిల్లవాడిని తల్లి డాక్టరు దగ్గరికి తీసుకొచ్చింది. "మూడు నెలల సంది లూజ్ మోషన్స్ సార్. రోజూ చెడ్డీ ఖరాబు చేసుకుంటుండు. అడిగితే నాకు తెల్వలేదంటడు. కావాలనే చేస్తుండు" అన్నది ఆమె. అప్పటికే మందుల దుకాణంలో విరేచనాలు ఆగే గోళీలు కొని వేశారు, పెరుగన్నం తప్ప ఏమీ పెట్టడం లేదు. ఆ మూడు నెలల్లో రెండు మూడు సార్లు దెబ్బలు కూడా పడ్డాయి. ఇది ఏ ఒక్క పిల్లవాడి కథా కాదు. పిల్లల డాక్టర్ల ముందుకు తరచూ వచ్చే తీరును ఒకచోట చేర్చి చెబుతున్నాను.

తల్లి చెప్పినదాంట్లో ఒక్క మాట మాత్రం పూర్తిగా నిజం. వాడికి నిజంగానే తెలియదు. వాడికున్నది విరేచనాలు కావు, తీవ్రమైన మలబద్ధకం. కడుపు ఖాళీ అవుతున్నందువల్ల కాదు, నిండిపోయినందువల్ల చెడ్డీ పాడవుతోంది.

ఈ పిల్లవాడి రోజును చూస్తే మొదలెక్కడో అర్థమవుతుంది. కేశంపేట వైపునుంచో కొందుర్గు వైపునుంచో వచ్చే బడి బస్సు పొద్దున్నే వీధి చివరికి వస్తుంది. తండ్రి కొత్తూరు ఫ్యాక్టరీలో షిఫ్టుకు వెళ్లిపోతాడు, తల్లి టిఫిన్ డబ్బా కడుతుంది. తిన్న వెంటనే పేగులు కదిలి రెంటికి వచ్చినట్టు అనిపించే ఆ పావుగంటలోనే వాడు బస్సులో ఉంటాడు. బడిలో మరుగుదొడ్డికి గడియ ఉండదు, లేదా నీళ్లు రావు, లేదా పదిమంది ముందు లేచి "టీచర్, రెంటికి" అని అడగాలి. వాడు ఆపుకుంటాడు. 2022 మార్చిలో వనపర్తిలో ప్రారంభమైన 'మన ఊరు మన బడి' పథకం చేపట్టిన పనుల్లో నీటి వసతి ఉన్న మరుగుదొడ్లు కూడా ఉన్నాయి. ఆ అంశాన్ని కేవలం పరిశుభ్రత లెక్కలో చూస్తే చాలదని నా అభిప్రాయం. పిల్లల పేగుల ఆరోగ్యం నేరుగా దానిమీద ఆధారపడి ఉంది.

ఆపుకున్నప్పుడు లోపల ఏం జరుగుతుంది? పెద్దపేగు చివర పురీషనాళం ఉంటుంది. దాని ముఖద్వారం దగ్గర రెండు బిగింపు కండరాలుంటాయి. లోపలి కండరం మన మాట వినదు, పురీషనాళం నిండగానే తనంతట తాను వదులవుతుంది. బయటి కండరం మన అదుపులో ఉంటుంది. పిల్లవాడు దాన్నీ పిరుదులనూ గట్టిగా బిగిస్తే మలం వెనక్కి జరుగుతుంది, కాసేపటికి ఒత్తిడి తగ్గుతుంది. కానీ అక్కడున్నంతసేపూ పేగు దానిలోని నీటిని పీల్చుకుంటూనే ఉంటుంది. రెండు రోజులకు అది గట్టిపడుతుంది. నాలుగో రోజు బయటికొచ్చేటప్పుడు ముఖద్వారం చీరుకుని మండుతుంది, ఒక్కోసారి నెత్తురు చార కనిపిస్తుంది. ఆ నొప్పి తెలిసిన పిల్లవాడు మళ్లీ వస్తే మరింత గట్టిగా ఆపుతాడు. ఆపేకొద్దీ గట్టిపడుతుంది, గట్టిపడేకొద్దీ నొప్పి పెరుగుతుంది.

ఇక్కడే ఇంట్లో పొరపడేది. పిల్లవాడు తలుపు చాటున నిలబడి, మునివేళ్లమీద లేచి, కాళ్లు మెలిపెట్టి, ముఖం ఎర్రబడేలా బిగుసుకుపోతాడు. చూసినవాళ్లు "పాపం, ముక్కుతుండు, వస్తలేదు" అనుకుంటారు. నిజానికి వాడు బయటికి తోయడం లేదు, రాకుండా పట్టుకుంటున్నాడు.

వారాలు గడిచేకొద్దీ పురీషనాళంలో పెద్ద ముద్ద పేరుకుంటుంది. గోడలు సాగిపోతాయి. పాతబడిన లాగు ఎలాస్టిక్ లాగే అవి మళ్లీ పట్టుగా దగ్గరికి రావు. మామూలుగా పురీషనాళం నిండినప్పుడు గోడ సాగి, 'వస్తోంది' అన్న కబురు నరాల గుండా మెదడుకు వెళుతుంది. ఎప్పుడూ సాగే ఉన్న గోడ కొత్తగా ఏ కబురూ పంపదు. లోపలి కండరం కూడా సగం వదులుగానే ఉండిపోతుంది. ఈలోగా పైనుంచి కొత్తగా వచ్చే పలచటి మలం ఆ ముద్ద పక్కనుంచి జారి చెడ్డీలోకి వచ్చేస్తుంది. ముందు కబురు లేదు కాబట్టి పిల్లవాడికి తెలియదు. రోజంతా అదే వాసనలో ఉన్నవాడి ముక్కుకు ఆ వాసనా అందదు. పక్కన కూర్చున్నవాళ్లు ముక్కు మూసుకుంటే గానీ సంగతి తెలియని స్థితి అది.

ఇప్పుడు ఆ విరేచనాల గోళీలు ఏం చేశాయో ఊహించుకోవచ్చు. అవి పేగు కదలికను తగ్గిస్తాయి. లోపలి ముద్ద ఇంకా పెరుగుతుంది.

విరేచనాలనూ ఈ మలబద్ధకాన్నీ వేరుచేయడం కష్టమేమీ కాదు. విరేచనాలైతే పిల్లవాడు పరుగెత్తుకు వెళతాడు, ఎక్కువ మొత్తంలో పోతుంది, నాలుగైదు రోజుల్లో తగ్గుతుంది. ఇదైతే రోజూ కొద్దికొద్దిగా మరకలు పడుతుంటాయి. వారానికో పది రోజులకో ఒకసారి మరుగుదొడ్డి మూసుకుపోయేంత పెద్ద మలం వస్తుంది. అది వచ్చిన రోజున ఆకలి పెరుగుతుంది, మనిషి హుషారవుతాడు, రెండు రోజులు మరకలు ఉండవు, తర్వాత మళ్లీ మొదలు. పొత్తికడుపు ఎడమవైపు చేయి పెట్టి చూస్తే గడ్డలా తగులుతుంది. నిండిన పేగు మూత్రాశయాన్ని నొక్కడం వల్ల కొందరు పక్క తడుపుతారు కూడా. డాక్టరు చాలాసార్లు ఈ వివరాలతోనూ చేతి పరీక్షతోనూ తేల్చుకోగలరు, ప్రతి ఒక్కరికీ ఎక్స్‌రే అక్కర్లేదు.

చికిత్సలో మొదటి పని లోపలున్నదాన్ని ఖాళీ చేయడం. దీన్ని వదిలేసి జామకాయలు, ఆకుకూరలు పెట్టడం మొదలుపెడితే దారి మూసుకుపోయిన పేగుమీద మరింత బరువు వేసినట్టే. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ పేగు వ్యాధుల విభాగం 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు పాలీ ఇథిలిన్ గ్లైకాల్ పొడిని మొదటి ఎంపికగా చెబుతున్నాయి. ఇది దాదాపుగా రక్తంలో కలవదు, నీటిని తనతో పట్టుకుని పేగు పొడవునా వెళ్లి మలాన్ని నానబెడుతుంది. ఐరోపా, ఉత్తర అమెరికా శిశు జీర్ణకోశ వైద్యులు 2014లో సూచించిన మోతాదు కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.5 గ్రాములు, 3 నుంచి 6 రోజులు. మన పిల్లవాడు 24 కిలోలు అనుకుంటే రోజుకు 24 నుంచి 36 గ్రాములు. కచ్చితమైన కొలత, ఎన్ని గ్లాసుల నీళ్లలో కలపాలన్నది డాక్టరు చెప్పాలి.

ఈ రోజులకు ముందుగానే సిద్ధపడాలి. మొదటి రెండు రోజుల్లో మరకలు తగ్గకపోగా పెరుగుతాయి. మందు పడలేదని చాలామంది ఇక్కడే ఆపేస్తారు. అందుకే దసరా సెలవుల్లోనో, కనీసం శని ఆదివారాలు కలిసొచ్చేలానో పెట్టుకుంటే మంచిది. గట్టి ముద్దలు, ఉండలు పోయి, చివరికి ముక్కలేమీ లేని గోధుమరంగు నీళ్లు వస్తే ఖాళీ అయినట్టు. సబ్బు ముక్క పెట్టడం, ఇంట్లో ఎనిమా ఇవ్వడం వద్దు. అక్కడ నొప్పి పుట్టించే ఏ పనైనా పిల్లవాడి భయాన్నే పెంచుతుంది. ఒకసారి ఆముదం పట్టిస్తే కడుపు మెలిపెట్టి ఆ పూటకు పోవచ్చు, సాగిన గోడ మాత్రం అలాగే ఉంటుంది.

రెండో పని నెలల తరబడి సాగేది. సాగిన పురీషనాళం తిరిగి కుంచించుకోవాలంటే అది రోజూ ఖాళీ అవుతూ ఉండాలి, పిల్లవాడికి ఒక్కసారి కూడా నొప్పి పుట్టకూడదు. అందుకే అదే పొడిని తక్కువ మోతాదులో కొనసాగిస్తారు. సాధారణంగా కిలోకు 0.4 గ్రాముల దగ్గర మొదలుపెడతారు కాబట్టి మనవాడికి రోజుకు దాదాపు 10 గ్రాములు. గట్టిగా వస్తే కాస్త పెంచడం, నీళ్లలా వస్తే కాస్త తగ్గించడం, రోజుకొకసారి మెత్తగా వచ్చేచోట నిలపడం. "రోజూ మందేస్తే అలవాటైపోతది గదా సార్" అనే భయం ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. ఈ మందుకు పేగు అలవాటు పడదు. మధ్యలో ఆపేస్తే సమస్య తిరగబెట్టడానికి కారణం పేగు ఇంకా కోలుకోకపోవడమే.

దీంతోపాటు కూర్చోబెట్టడం. తిన్న తర్వాత అరగంటలోపు పేగులు సహజంగా కదులుతాయి కాబట్టి పొద్దున టిఫిన్ తర్వాత, రాత్రి అన్నం తర్వాత 5 నుంచి 10 నిమిషాలు కూర్చోవాలి. బస్సు తొందర ఉంటే పిల్లవాడిని అరగంట ముందు లేపడమే మార్గం. నేలమీది దొడ్డయితే గొంతుక్కూర్చున్నప్పుడు దారి తిన్నగా అవుతుంది. కమోడ్ అయితే కాళ్లు వేలాడకుండా కింద చిన్న పీట వేయాలి. వచ్చినా రాకపోయినా కూర్చున్నందుకే మెచ్చుకోవాలి, క్యాలెండర్‌లో ఒక చుక్క పెట్టనివ్వాలి. రావడం వాడి చేతిలో లేదు, కూర్చోవడం ఉంది.

చెడ్డీ పాడైన రోజున తిట్టకుండా, అందరిముందూ మాట్లాడకుండా, "పోయి కడుక్కుని మార్చుకో బిడ్డా" అంటే చాలు. బడి సంచిలో కవర్లో ఒక జత ఉండాలి. క్లాస్ టీచర్‌తో తల్లిదండ్రులు విడిగా మాట్లాడి, చేయి ఎత్తగానే పంపేలా ఒప్పించాలి. కొట్టినందువల్ల ఏ పిల్లవాడి పురీషనాళానికీ స్పర్శ తిరిగిరాదు. దాచిన మురికి చెడ్డీలు మంచం కింద దొరుకుతాయి, అంతే.

తిండి విషయం పెద్దగా లాగనక్కర్లేదు. ఇంట్లో వండే జొన్నరొట్టె, తోటకూర పప్పు, జామ, దొరికే కాలంలో సీతాఫలం, దాహానికి సరిపడా నీళ్లు ఉంటే చాలు. రోజుకు అర లీటరు దాటి పాలు తాగి అన్నం మానేసే పిల్లలకు పాలు తగ్గించాలి.

ఎంతకాలం? కనీసం రెండు నెలలు, చాలామందికి ఆరు నెలలు దాటుతుంది. నిపుణుల దగ్గర చికిత్స పొందిన పిల్లల్లో కూడా దాదాపు సగం మందే 6 నుంచి 12 నెలల్లో మందు మానేసి మామూలుగా ఉండగలుగుతున్నారు, మిగతావాళ్లకు ఇంకా సమయం పడుతుంది. తొందరగా మొదలుపెట్టినవాళ్లు తొందరగా బాగవుతారు. మధ్యలో జ్వరం, పెళ్లి ప్రయాణం, పరీక్షలు వచ్చినప్పుడు మళ్లీ పేరుకుంటుంది. మళ్లీ మరకలు కనిపిస్తే మొదటి పనికి తిరిగి వెళ్లి ఖాళీ చేయించి, అక్కడినుంచి కొనసాగించాలి.

మలబద్ధకం ఉన్న పిల్లల్లో నూటికి తొంభై అయిదు మందికి లోపల వేరే జబ్బేమీ ఉండదు. మిగిలిన కొద్దిమందిని మాత్రం తప్పిపోనివ్వకూడదు. పుట్టిన 48 గంటల్లోపు మొదటి మలం పోనివాళ్లు, నెల నిండకముందే మలబద్ధకం మొదలైనవాళ్లు, కడుపు ఉబ్బి పసరు వాంతులయ్యేవాళ్లు, బరువు పెరగనివాళ్లు, కాళ్లు బలహీనంగా ఉన్నవాళ్లు, నడుము కింద వెన్నుమీద గుంటో వెంట్రుకల కుచ్చో ఉన్నవాళ్లు. వీళ్లను హైదరాబాద్ నీలోఫర్ లాంటి పిల్లల పెద్దాసుపత్రిలో చూపించాలి. పేగు చివర నరాల కణాలు పుట్టుకతోనే లేకపోవడం, థైరాయిడ్ లోపం, వెన్నుపాము సమస్య లాంటివి అక్కడ పరీక్షల్లో తేలతాయి.

మన పిల్లవాడి విషయంలో మందు తగ్గించే సమయం ఎప్పుడొచ్చిందో వాడి నోటనే తెలుస్తుంది. కొన్ని నెలల తర్వాత ఒకరోజు ఆటమధ్యలో ఆగి "అమ్మా, వస్తుంది" అని తనంతట తాను పరుగెత్తాడంటే గోడకు స్పర్శ తిరిగొస్తోందన్నమాట. అప్పటినుంచి ఒక నెలంతా మరక లేకుండా, నొప్పి లేకుండా గడవాలి. ఆ తర్వాతే డాక్టరుతో మాట్లాడి 10 గ్రాములను 8కి, కొన్ని వారాలకు 6కి, ఇలా మెల్లగా దించాలి. ఎక్కడైనా వరుసగా రెండు రోజులు పోకపోతే వెనకటి మోతాదుకు వెళ్లి, అక్కడే మరికొన్ని వారాలు ఉండాలి.