నాలుగు గళ్లలో అడవి

బడంగ్‌పేట్ నుంచి మా కాలేజీకి వచ్చే ఒక అమ్మాయి ప్రాజెక్టు రిపోర్టు తెచ్చి సంతకం కోసం నా ముందు పెట్టింది. హరిణ వనస్థలి, గుర్రంగూడ వైపు చెట్టూచేమా ఎంత పోయిందో రెండేళ్ల ఉపగ్రహ చిత్రాలు పోల్చి చూపించింది. చివరి పేజీలో పెద్ద అక్షరాలతో కచ్చితత్వం 97 శాతం అని రాసుకుంది. నేను పెన్ను తీశాను. పక్కన కూర్చున్న కుర్రాడు ఊరుకోలేదు. "సార్, నేనైతే ఏ చెట్టూ పోలేదని తెల్ల కాగితం ఇస్తా. పోయింది నూటికి ఒక వంతే కదా, నాకు 99 వస్తుంది."

అందరూ నవ్వారు. నేను పెన్ను మూత పెట్టేశాను. వాడికి తెలియదుగానీ, ఆ ప్రశ్నకు నూట నలభై ఏళ్ల వయసుంది.

1884లో అమెరికా సైన్యంలో పనిచేసే జాన్ ఫిన్లే సుడిగాలులు ఎప్పుడొస్తాయో, ఎప్పుడు రావో ముందే చెప్పి, తన జోస్యాలు 96.6 శాతం నిజమయ్యాయని ప్రకటించాడు. మొత్తం 2803 అంచనాలు, నాలుగు గళ్లలో సర్దొచ్చు. సుడిగాలి వస్తుందన్నవి 100, వాటిలో నిజంగా వచ్చినవి 28. రాదన్న చోట వచ్చినవి 23. రాదన్నాడు, రాలేదు అన్న గడిలో 2680 ఉన్నాయి. ఆయనను 96కి ఎక్కించింది ఆ గడే. గ్రోవ్ కార్ల్ గిల్బర్ట్ అనే భూగర్భ శాస్త్రవేత్త దాన్ని పట్టుకున్నాడు. రోజూ కళ్లు మూసుకుని 'రాదు' అని చెప్పినా 98.2 శాతం నిజమవుతుందని లెక్క వేసి చూపించాడు. నాకు ఈ తగాదా మహా ఇష్టం. సుడిగాలుల శాస్త్రం ఆ తర్వాత ఎంతో మారింది, ఆ నాలుగు గళ్లు మాత్రం చెక్కుచెదరలేదు.

ఆ నాలుగు గళ్ల పట్టికనే ఇప్పుడు కన్‌ఫ్యూజన్ మ్యాట్రిక్స్ అంటున్నాం. అడ్డ వరుసల్లో పటం చెప్పింది రాస్తాం, నిలువు వరుసల్లో నేల చెప్పింది. పేరులో ఉన్న గందరగోళం మనది కాదు, ఏది దేనితో కలిసిపోయిందన్నదే దాని అర్థం. అడ్డంగా చదివితే, పటం 'పోయింది' అన్నవాటిలో నిజంగా పోయినవెన్నో తెలుస్తుంది. నిలువుగా చదివితే, నిజంగా పోయినవాటిలో పటం పట్టుకున్నవెన్నో తెలుస్తుంది. ఒకటి బాగుండి రెండోది అధ్వానంగా ఉండటం మామూలే.

మన పక్క నేలలో ఏది దేనితో ఎందుకు కలిసిపోతుందో చెబుతాను. పచ్చటి ఆకు ఎర్రటి కాంతిని తినేసి, మన కంటికి కనబడని పరారుణ కాంతిని వెనక్కి విసిరేస్తుంది. ఆ రెంటి తేడాతోనే కంప్యూటరు చెట్టును గుర్తుపడుతుంది. ఇక్కడి మోదుగ, సీతాఫలం ఎండలు ముదిరేసరికి ఆకు రాల్చేస్తాయి. డిసెంబరు చిత్రాన్ని ఏప్రిల్ చిత్రంతో పోలిస్తే నిక్షేపంగా ఉన్న చెట్లు కూడా పోయినట్టే కనబడతాయి. కాబట్టి ఏ ఏడాదిదైనా అదే నెల చిత్రం తీసుకోవాలి. రెండో తప్పు దీనికి తిరగేసినది. చెట్లు కొట్టేసిన చోట ఒక్క వానాకాలం గడిస్తే సర్కారు తుమ్మ కమ్మేస్తుంది, పైనుంచి చూసేవాడికి అంతా పచ్చగానే ఉంటుంది. ఇక కొలత సంగతి. సెంటినెల్-2 ఉపగ్రహం పిక్సెల్ పది మీటర్ల చదరం, మన లెక్కలో 120 గజాలు. కొత్త వెంచర్లో పొదల మధ్య వేసిన 30 అడుగుల రోడ్డు తొమ్మిది మీటర్లే. పిక్సెల్‌లో సగం రోడ్డు, సగం పొద పడితే కంప్యూటరు ఎటో ఒకటి తేల్చేస్తుంది.

ఆ అమ్మాయి కోసం బోర్డు మీద ఒక ఉత్తుత్తి లెక్క వేశాను. పదివేల హెక్టార్ల అడవి ఉందనుకుందాం. పటం ప్రకారం వంద హెక్టార్లు పోయింది, 9900 ఉంది. పటం నిజం చెబుతోందో లేదో చూడటానికి 'పోయింది' అన్న చోట గుడ్డిగా 100 పాయింట్లు, 'ఉంది' అన్న చోట 200 పాయింట్లు ఎంచుకుని, ఒక్కొక్కటీ స్పష్టమైన చిత్రాల్లోనో, నేల మీదికి వెళ్లో చూశాం. మొదటి వందలో 80 నిజంగా పోయాయి. రెండో గుంపు 200లో 196 ఉన్నాయి, నాలుగు చోట్ల మాత్రం అడవి లేదు.

నాలుగే కదా అనిపిస్తుంది. మూడొందలలో 276 ఒప్పు, అంటే 92 శాతం. నిజంగా పోయిన 84 పాయింట్లలో 80 పట్టుకున్నాం, అది 95 శాతం. చాలామంది ఇక్కడే రిపోర్టు ముగిస్తారు. కానీ రెండు గుంపుల పాయింట్లూ ఒకే బరువు కాదు. 'పోయింది' వైపు ఒక్కో పాయింటు ఒక హెక్టారుకు ప్రతినిధి, 'ఉంది' వైపు ఒక్కోటి 49.5 హెక్టార్లకు. ఆ నాలుగు పాయింట్లు 198 హెక్టార్లు. నిజంగా పోయింది వంద కాదు, 80కి 198 కలిపితే 278. అందులో పటం పట్టుకున్నది 80, అంటే 29 శాతం. 95 కాస్తా 29 అయింది. తమాషా ఏమిటంటే, బరువులు సరిచేశాక మొత్తం కచ్చితత్వం 92 నుంచి దాదాపు 98కి పెరిగింది. పోయిన అడవి గురించి ఆ అంకె ఎంత చెబుతుందో చూడండి.

అలాగని 278ని కూడా రాతిలో చెక్కకూడదు. నాలుగు పాయింట్ల మీద నిలబడ్డ అంకె అది. గణితం ప్రకారం అటూ ఇటూ 193 హెక్టార్ల ఊగిసలాట ఉంది, అంటే 85 నుంచి 471 మధ్య ఎంతైనా కావచ్చు. దీనికి ఒక ఉపాయం ఉంది. పటం వదిలేసిన తప్పులు ఎక్కువగా కొట్టేసిన ముక్కల అంచుల్లోనే నక్కుతాయి. ఆ అంచులను వేరే గుంపుగా కట్టి, అక్కడ పాయింట్లు దట్టంగా వేస్తే ఊగిసలాట బాగా తగ్గుతుంది.

మిగతా చరిత్ర గబగబా చెప్పేస్తాను. 1976లో అమెరికా భూగర్భ సర్వే వాళ్లు 85 శాతం చాలన్నారు, ఆ అంకె అందరి నెత్తినా కూర్చుంది. అడ్డం, నిలువు చదువులకు విడివిడి పేర్లు 1986లో స్టోరీ, కాంగల్టన్ పెట్టారు. కప్పా అనే కొలత పాతికేళ్లకు పైగా రాజ్యమేలాక, 2011లో పాంటియస్, మిలోన్స్ దానికి మరణశాసనం రాశారు. నేను చెప్పిన బరువుల లెక్కను 2014లో ఓలోఫ్సన్ బృందం అందరికీ అర్థమయ్యేలా రాసిపెట్టింది.

మన దేశం సంగతికొస్తే, భారత అటవీ సర్వే 2021 నివేదిక తెలంగాణలో అడవి రెండేళ్లలో 632 చదరపు కిలోమీటర్లు పెరిగిందంది. అంటే మూడు శాతం పెరుగుదల. అదే నివేదికలో దేశం మొత్తం మీద అడవి పటం కచ్చితత్వం 92.99 శాతం. అది ఒక పటం కచ్చితత్వం, రెండు పటాల మధ్య మార్పుది కాదు. తప్పులు దేనికవే పడ్డాయనుకుంటే, ఒక చోటును రెండు పటాలూ సరిగా చెప్పే అవకాశం 86 శాతానికి పడిపోతుంది. తప్పులు కొంత ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి కాబట్టి 632 అబద్ధమని నేననను. దాని పక్కన ప్లస్ మైనస్ ఎంతో తెలియకుండా నిజమనీ అనను. పైగా ఆ సర్వే నిర్వచనంలో హెక్టారు దాటి, పది శాతానికి మించి చెట్ల నీడ ఉంటే మామిడితోట కూడా అడవే. వాళ్లు వాడే లిస్-3 చిత్రాల్లో ఒక్కో పిక్సెల్ 660 గజాలు, మన వైపు మూడు ప్లాట్లకు పైనే.

ఆ అమ్మాయి రిపోర్టు వెనక్కి తీసుకెళ్లి, అంచుల్లో అరవై పాయింట్లు కొత్తగా వేసుకొచ్చింది. మొత్తం కచ్చితత్వం రెండు శాతం తగ్గింది. సంతకం పెట్టాను.